వివరణలోని మొదటి రెండు వరుసల్లో ఏమి రాయాలి? పలకరింపా, ఫోన్ నంబరా, అసలు మాటా?

బరంపురం నేతింటివాడు
మాది బరంపురంలో పట్టుచీరలు నేసి అమ్మే ఇల్లు. కొన్న చీర పట్టో కాదో పోగు కాల్చి పరీక్షించే పద్ధతిని వీడియోగా తీసి యూట్యూబులో పెట్టబోతున్నాను. వివరణ ఇలా మొదలుపెట్టాను: "అందరికీ నమస్కారం, మా ఛానెల్‌కు స్వాగతం. తరతరాలుగా బరంపురంలో పట్టు నేస్తున్న మా కుటుంబం తరఫున ఈ వీడియోలో మీకు..." మిగిలినది "మరిన్ని" నొక్కితేనే కనిపిస్తోంది. పలకరింపు తీసేస్తే మర్యాద తప్పినట్టు ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. మీరేమంటారు?

పర్లాకిమిడి కుర్రాడు
పలకరింపు తప్పకుండా తీసేయాలండి. వివరణలో 125 అక్షరాలే కనిపిస్తాయి కాబట్టి అందులోనే అంతా చెప్పాలి. ఇంకొక మాట, హ్యాష్‌ట్యాగులు కూడా మొదటి వరుసలోనే ఉండాలి, లేకపోతే అవి పనిచేయవు.

రాయగడ ఎడిటింగ్ గది
పలకరింపు తీసేయాలన్నది సరైన మాటే. అయితే 125 అన్న లెక్క ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ గురించి జనం చెప్పుకునేది. యూట్యూబు కంప్యూటరు పేజీలో కోత పడేది అక్షరాల లెక్కను బట్టి కాదు, తెర మీద వరుసలు ఎక్కడ నిండితే అక్కడ. మన లిపి వెడల్పుగా ఉండటం వల్ల ఇంగ్లీషులో రెండు వరుసల్లో పట్టే సంగతి తెలుగులో పట్టదు. హ్యాష్‌ట్యాగులు వివరణ చివర రాసినా పనిచేస్తాయి కనుక విలువైన చోటును వాటికి ఇవ్వనక్కరలేదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఫోను యాప్‌లో వీడియో కింద శీర్షిక, చూసినవారి సంఖ్య, ఎప్పుడు పెట్టారన్నది, హ్యాష్‌ట్యాగు, "మరిన్ని" అన్న మాట మాత్రమే ఉంటాయి. అక్కడ వివరణ మొదటి వరుస అసలే కనిపించదు. అది పనికొచ్చేది కంప్యూటరులో, వెతుకులాట ఫలితాల్లో, అన్నిటికంటే ఎక్కువగా వాట్సాప్‌లో. లింకు పంపినప్పుడు వచ్చే చిన్న పెట్టెలో శీర్షిక, దాని కింద వివరణ ఆరంభం వస్తాయి. చీరలు కొనే ఆడవాళ్ల గ్రూపుల్లో మీ వీడియో తిరిగేది ఆ పెట్టెతోనే కదా. అందుకే మీ శీర్షికలో "బరంపురం పట్టు" అని ఉంటే ఆ మాటలను మొదటి వరుసలో మళ్లీ రాయకండి, ఒకదాని కింద ఒకటిగా అదే మాట రెండుసార్లు కనబడుతుంది.

జయపురం సంగీతం మాస్టారు
నేను పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. నా ప్రతి వీడియో వివరణలోనూ మొదటి వరుస నా ఫోన్ నంబరే. దాన్ని చూసే తల్లిదండ్రులు ఫోన్ చేస్తున్నారు. పాట మొదట్లో ఆలాపన ఉండాలా వద్దా అని అడిగినట్టుంది ఈ చర్చ. వీడియో మొదటి నిమిషంలో మాత్రం నేను నమస్కారం చెప్పే తీరుతాను.

రాయగడ ఎడిటింగ్ గది
మాస్టారూ, ఆయన అడిగింది వీడియోలోని మొదటి నిమిషం గురించి కాదు, దాని కింద రాసే వివరణ గురించి. వీడియోలో నమస్కారం చెప్పుకోవచ్చు, అభ్యంతరం లేదు. మీ నంబరు సంగతి వేరు. మిమ్మల్ని ముందే ఎరిగినవారు మీ వీడియో తెరుస్తారు, వారికి కావలసింది నంబరే. నేతింటివారి వీడియో చూడవలసినది వారిని ఎరుగని మనిషి.

నేతింటివారి వాక్యంలో పలకరింపు కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. "మా కుటుంబం తరఫున ఈ వీడియోలో మీకు" అన్నంతవరకు చదివినవాడికి చూపిస్తారో, అమ్ముతారో, కథ చెబుతారో తెలియదు, ఎందుకంటే ఆ పని చెప్పే మాట కోతకు అవతల ఉండిపోయింది. కాబట్టి నమస్కారం తీసేసినంత మాత్రాన సరిపోదు, క్రియ తొందరగా వచ్చేలా చిన్న వాక్యాలుగా విరగ్గొట్టాలి. ఉదాహరణకు:

"ఒక్క పోగు కాల్చి చూస్తే చీర అసలు పట్టో కాదో తెలుస్తుంది. వాసన, బూడిద ఎలా ఉండాలో ఇందులో చూపించాం."

గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కపెట్టినా ఇది వందకు లోపే ఉంటుంది. మొదటి వాక్యం ఒక్కటే కనిపించినా నష్టం లేదు.

బరంపురం నేతింటివాడు
వాక్యం బాగుంది కానీ అందులో మాట తప్పు ఉంది. ఒక్క పోగు కాలిస్తే ఆ పోగు సంగతే తెలుస్తుంది. పడుగు పట్టుతో వేసి, పేక పాలిస్టరుతో నేసిన చీరలు అమ్ముతూనే ఉన్నారు. పడుగు నుంచి ఒకటి, పేక నుంచి ఒకటి లాగి విడివిడిగా కాల్చాలి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. అలాగని ఉన్ని కాలినా వెంట్రుక వాసనే వస్తుంది, అందుకని "అసలు పట్టు" అని ఘంటాపథంగా అనలేను. ఇలా మార్చాను: "పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి కాల్చి చూడండి. చీరలో పాలిస్టరు కలిపారో లేదో తెలిసిపోతుంది."

రాయగడ ఎడిటింగ్ గది
నా వాక్యం కంటే ఇదే మేలు. వీడియో చూసి చీర కాల్చుకున్నవాడు మీ మీదికి రాకుండా కూడా ఉంటుంది.

పర్లాకిమిడి కుర్రాడు
కానీ అక్కడే అంతా చెప్పేస్తే వీడియో ఎవరు చూస్తారండి? "ఈ రహస్యం తెలిస్తే ఆశ్చర్యపోతారు" అని వదిలేస్తే ఎక్కువమంది నొక్కుతారు.

రాయగడ ఎడిటింగ్ గది
ఫలితం చెప్పడం వేరు, ఫలితం తెలుస్తుందని చెప్పడం వేరు. బూడిద పొడి అవుతుందా, ముద్దకడుతుందా అన్నది ఆయన ఆ రెండు వరుసల్లో చెప్పలేదు, వీడియోకే ఉంచుకున్నారు. "రహస్యం" అన్న మాట చీరకూ, పంటిపొడికీ, పొలానికీ ఒకేలా సరిపోతుంది, కాబట్టి చీర కొనబోయే మనిషిని అది పట్టుకోదు. అయినా ఇది నా అభిప్రాయమే. "మరిన్ని" ఎంతమంది నొక్కారో యూట్యూబు స్టూడియోలో చూపించరు కాబట్టి దీన్ని లెక్కలతో తేల్చలేం.

కోరాపుట్ అత్తగారు
మీరందరూ తెలుగు లిపి చదవగలిగినవారికే రాస్తున్నారు నాయనా. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ నా కోడలు, మనవలు ఒడియా బడిలో చదివారు, ఈ రెండు వరుసలు వాళ్లకు గీతలే. బరంపురం చీరలు కొనేవారిలో వాళ్లూ ఉన్నారు.

రాయగడ ఎడిటింగ్ గది
నిజమే అత్తయ్యగారూ. స్టూడియోలో శీర్షికకూ వివరణకూ వేరే భాషల అనువాదాలు చేర్చే వీలుంది. కానీ అది చూసేవారి యాప్ భాషను బట్టి మారుతుంది, మన ఊళ్లలో చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే పెట్టుకుంటారు. మొదటి వరుస తెలుగు, రెండోది ఒడియా అంటే రెండూ అరకొరగా మిగులుతాయి. ఒడియాలో మాట్లాడి వేరే వీడియో పెట్టడమే మంచిదని నా ఉద్దేశం.

కోరాపుట్ అత్తగారు
వేరే వీడియో అంటే వేరే శ్రమ. ఒక వరుస ఒడియా ఉంటే కనీసం లింకు తెరుస్తారు. అది నేను ఒప్పుకోను.

బరంపురం నేతింటివాడు
ఈ వీడియోకు తెలుగు వరుసలే ఉంచుతున్నాను, ఒడియా సంగతి మా చెల్లెలితో మాట్లాడతాను. ఇంకొక ప్రశ్న: ప్రతిసారీ నమస్కారం, దుకాణం చిరునామా పైకి అవే వచ్చేస్తున్నాయి, ఎందుకు?

రాయగడ ఎడిటింగ్ గది
స్టూడియో సెట్టింగుల్లో అప్‌లోడ్ డిఫాల్ట్‌లు అన్నచోట మీరు ఎప్పుడో రాసి పెట్టుంటారు. అక్కడ రాసింది అలాగే ఉంచుకోండి, వీడియో పెట్టే ప్రతిసారీ దాని పైన కొత్త రెండు వరుసలు చేర్చండి. ఆ పని గ్రూపుల్లో లింకు పంపకముందే చేయాలి. వాట్సాప్ పెట్టె పంపేటప్పుడు తయారవుతుంది, ఆ తరువాత మీరు వివరణ మార్చినా అప్పటికే పంపిన సందేశాల్లో పాత నమస్కారమే ఉంటుంది. ముందు లింకును మీకు మీరే పంపుకొని చూడండి.