ఫొటో తప్ప ఏమీ తెలియని బొమ్మకు వివరణ రాయాలి, ఎలా?

మా పిన్ని తన ఆన్‌లైన్ అమ్మకానికి ఒక చెక్క బొమ్మ ఫొటో పంపి, "రేపటికి నాలుగు లైన్లు రాసిపెట్టు నాన్నా" అంది. తీసుకొచ్చినాయన ఊరికి వెళ్లాడట, ఫోన్ కలవట్లేదు. ఏ చెక్కో, ఎంత ఎత్తో, ఏ యాప్‌లో పెడుతుందో ఆమెకే తెలియదు.

గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది కాబట్టి ఏటికొప్పాక లక్క బొమ్మ అనుకుంటున్నాను. అవి అంకుడు కర్రను తరిణె మీద తిప్పి చేస్తారు. కొండపల్లివి తెల్ల పొణికి కర్రతో చెక్కి, ముక్కలు అతికించి రంగులేస్తారు. రెండింటికీ ఆ ఊరి పేరును కాపాడే జీఐ గుర్తింపు ఉంది, అందుకే ఊహించి పేరు పెట్టడానికి భయంగా ఉంది. మెరుపు లక్కది కాక మామూలు వార్నిష్‌దైతే?

ప్రస్తుతానికి ఇలా రాశాను: "చేతిలో పట్టుకునే గుండ్రటి చెక్క బొమ్మ, ఎరుపు, పసుపు చారలతో. ఎత్తు: __ సెం.మీ. చెక్క: __." "చేతిలో పట్టుకునే" అన్నది కూడా ఊహేగా, తీసేయాలేమో!

అసలు టెన్షన్ కొనేవాళ్ల గురించి. పిల్లలు ఆడుకునేదని రాస్తే 14 ఏళ్లలోపు వాళ్ల బొమ్మలకుండే ఐఎస్ఐ నిబంధన వస్తుంది. నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఉందిగానీ, చేసిందెవరో తెలియదే. షోకేసు బొమ్మ అంటే సరిపోతుందా?

ఇలాంటివి అమ్మినవాళ్లు చెప్పండి: ఖాళీలతోనే పిన్నికి ఇవ్వనా, స్కేలు పక్కన పెట్టి మళ్లీ ఫొటో తీయమననా? అడుగు భాగం ఫొటోలో తరిణె గుర్తులు కనిపిస్తాయా?