59 రూపాయల కోత: స్టేట్‌మెంట్‌లో ఈ పేరు ఎవరిది?

క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో 59 రూపాయలు పడ్డాయి. లైను ఇలా ఉంది:

```
PG*SSRENTPR BENGALURU IN
```

మేముండేది విజయవాడలో. ఆ తేదీన బెంగళూరు ఎవరూ వెళ్లలేదు. అయితే ఊరి పేరు దుకాణానిది కాక, కంపెనీ రిజిస్టరైన చోటుదీ కావచ్చు కాబట్టి దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. * గుర్తుకు ముందున్నది పేమెంట్ గేట్‌వే, తర్వాతది వ్యాపారి పేరు అనుకుంటున్నా. ఆ పేరు కూడా బోర్డు మీది పేరు కాక, జీఎస్టీలో ఉన్న యజమాని సంస్థ పేరు కావచ్చు. 59 అంటే 50కి 18 శాతం జీఎస్టీ కలిపినట్టుంది, అంటే ఏదో సర్వీసు.

ఆటోపే అనుకుందామంటే ముందురోజు రావాల్సిన మెసేజ్ రాలేదు, బ్యాంకు యాప్‌లో మాండేట్లూ ఖాళీ. ఓటీపీ కూడా రాలేదు. ట్యాప్ చేసిన చోటా అని ఆ తేదీకి రెండు రోజుల ముందు దాకా బిల్లులు, పార్కింగ్ చీటీలు వెతికాను, దొరకలేదు. కస్టమర్ కేర్‌వాళ్లు అదే లైను చదివి వినిపించి, 'డిస్ప్యూట్ వేస్తారా' అన్నారు. వేస్తే కార్డు బ్లాక్ చేస్తారట, 59 రూపాయలకు అదో తలనొప్పి.

డిస్ప్యూట్ వేయకుండా వ్యాపారి పూర్తి పేరు తెలియాలంటే బ్యాంకును 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ అడగాలా, 23 అంకెల ఏఆర్‌ఎన్ అడగాలా, గేట్‌వే వాళ్లు దేనితో వెతికి చెబుతారు?