మాటలన్నీ మార్చి ఫుట్‌నోట్ ఇచ్చాక కూడా కాపీయేనా?

నారాయణగూడ పీజీ:
హిస్టరీ ఎంఏ ప్రాజెక్టు రాస్తున్నాను. టాపిక్ మూసీ వరద, ఆ తర్వాత గండిపేట చెరువు కట్టడం. ఒక పుస్తకంలోని పేరా వాడుకుని, దాదాపు ప్రతి మాటా మార్చి, ఫుట్‌నోట్ కూడా ఇచ్చాను. అయినా మా గైడ్ మేడమ్ పేరా చుట్టూ ఎర్ర గీత గీసి ‘కాపీ’ అని రాశారు. ఫుట్‌నోట్ ఉన్నాక కాపీ ఎలా అవుతుంది?

పుస్తకంలో: “1908 సెప్టెంబరు చివరి వారంలో మూసీ పరీవాహక ప్రాంతంలో కుండపోత వాన కురిసింది. ఎగువనున్న చెరువుల కట్టలు ఒకదాని తర్వాత ఒకటి తెగడం కూడా వరద ఉద్ధృతికి తోడైంది. మూసీ తన పాత దారి వెతుక్కుంటూ బజార్లలోకి వచ్చింది. సుమారు పదిహేను వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా.”

నేను రాసింది: “1908 సెప్టెంబరు ఆఖరి వారంలో మూసీ పరిసర ప్రాంతాల్లో భారీ వర్షం పడింది. పైనున్న చెరువుల గట్లు వరసగా తెగిపోవడంతో వరద తీవ్రత పెరిగింది. మూసీ తన పూర్వ మార్గాన్ని అన్వేషిస్తూ అంగళ్లలోకి ప్రవేశించింది. దాదాపు 15 వేల మంది చనిపోయారు.”

గచ్చిబౌలి గోపి:
మీ మేడమ్ మరీ స్ట్రిక్ట్ బ్రో. యూజీసీ 2018లో రూల్స్ తెచ్చింది. పోలిక 10 శాతం దాటకపోతే పెనాల్టీ లేదు. వరసగా 14 మాటల దాకా కలిసినా పట్టించుకోరు. మీ పేరాలో వరసగా నాలుగు మాటలు కూడా కలవలేదు. సాఫ్ట్‌వేర్‌లో వేసి ఆ రిపోర్టు ఆమె టేబుల్ మీద పెట్టండి.

పాత ప్రూఫ్ రీడర్:
గోపీ, 10 శాతం సంగతి నిజమే. కానీ ఆ 14 మాటల వెసులుబాటు అందరికీ తెలిసిన విషయాలకీ, అనుకోకుండా కలిసిన మాటలకీ. 13 మాటలు ఎత్తి రాసుకోమని పర్మిషన్ కాదు. పైగా సాఫ్ట్‌వేర్ చూసేది మాటల వరస. ‘చివరి’ బదులు ‘ఆఖరి’ అంటే దానికి దొరకకపోవచ్చు, మేడమ్‌కి దొరికింది.

పీజీ గారూ, మీ నాలుగు వాక్యాలను పుస్తకం పక్కన పెట్టండి. వాన, చెరువులు, బజార్లు, చావులు. అదే వరస, వాక్యానికి వాక్యం. ఇల్లు వాళ్లదే, మీరు రంగు మాత్రమే మార్చారు. ఫుట్‌నోట్ చెప్పేది ‘ఈ సమాచారం ఫలానా చోటిది’ అని. వాక్యాల అల్లిక కూడా వాళ్లదేనని అది చెప్పదు. చదివేవాళ్లు అల్లిక మీదే అనుకుంటారు. మేడమ్ కోపం అక్కడ.

నాకు అంతకన్నా ఇబ్బందిగా అనిపించింది వేరే ఉంది. మాటలు మార్చే తొందరలో అర్థం మూడు చోట్ల జారింది. ‘పరీవాహక ప్రాంతం’ అంటే ఎక్కడ వాన పడితే ఆ నీళ్లు మూసీలోకి చేరతాయో ఆ నేలంతా. అది నగరానికి చాలా ఎగువదాకా ఉంటుంది. ‘పరిసరాలు’ అనగానే చదివేవాడికి చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్ కనిపిస్తాయి. రెండోది, పుస్తకంలో ‘కట్టలు తెగడం కూడా’ అని ఉంది. మీరు ‘కూడా’ వదిలేశారు, కారణం మొత్తం చెరువుల మీద పడింది. మూడోది, ‘అంచనా’ ఎగిరిపోయి, ఎవరో తలలు లెక్కపెట్టినట్టు తయారైంది.

ఇక ఆ ‘పాత దారి వెతుక్కుంటూ’ అన్నది సమాచారం కాదు, రచయిత ఊహ. దానికి పర్యాయపదాలు వెతికితే ‘అన్వేషిస్తూ అంగళ్లలోకి’ అనే వాక్యం పుట్టింది (క్షమించండి, నవ్వొచ్చింది). ఆ మాటలే కావాలంటే కొటేషన్ గుర్తుల్లో ఉన్నదున్నట్టు పెట్టండి. అక్కర్లేదంటే వదిలేయండి.

సంతోష్‌నగర్ ఆంటీ:
మా అబ్బాయికి ఇంటర్లో ఇదే చెప్పారు. పేరాను మూడో వంతుకి కుదించాలి, హెడ్డింగ్ పెట్టాలి. అలా చేస్తే సరిపోతుంది కదా?

పాత ప్రూఫ్ రీడర్:
ఆంటీ, అది సంక్షిప్తీకరణ. ఇక్కడ పొడవు సమస్య కాదు. కుదించినా వాళ్ల వాక్యాలనే కత్తిరించి అతికిస్తే ఇదే గొడవ.

నారాయణగూడ పీజీ:
సార్, అర్థమైంది. కానీ మాట మారిస్తే అర్థం జారుతుందంటారు, మార్చకపోతే కాపీ అంటారు. మరి రాసేదెలా?

పాత ప్రూఫ్ రీడర్:
పేరా రెండుసార్లు చదివి పుస్తకం మూసేయండి. చీటీ మీద వాక్యాలు కాకుండా ముక్కలు రాసుకోండి: ‘1908 సెప్టెం. – పరీవాహకంలో కుండపోత – చెరువులు తెగాయి (ఇదీ ఒక కారణం) – 15 వేలు, అంచనా’. ‘ఒక కారణం’, ‘అంచనా’ చీటీలోకి రావాల్సిందే. పుస్తకం మూసి రాసేటప్పుడు ముందు జారిపోయేవి అవే.

తర్వాత ఈ పేరా మీకెందుకో చూసుకోండి. పుస్తకం ఆయన వరద కథ చెబుతున్నాడు కాబట్టి వానతో మొదలుపెట్టాడు. మీది గండిపేట ఎందుకు కట్టారన్న వాదన. కాబట్టి నష్టంతోనో, చెరువులతోనో మొదలుపెట్టొచ్చు. వాక్యం ఎక్కడ మొదలవ్వాలో మీ అవసరం చెబితే అల్లిక దానంతటదే మారుతుంది. నేనైతే ఇలా రాస్తాను:

“1908 వరదలో సుమారు పదిహేను వేల మంది చనిపోయారని అంచనా. అంతమంది చనిపోవడానికి వాన ఒక్కటే కారణం కాదు. పరీవాహక ప్రాంతంలో కుండపోతగా పడిన నీటికి, ఎగువన తెగిన చెరువుల నీళ్లూ కలిశాయి.” దీని చివర ఫుట్‌నోట్.

‘పరీవాహక ప్రాంతం’ అలాగే ఉంచాను చూశారా? తేదీ, అంకె, శాస్త్రపదం ఎవరి సొత్తూ కాదు, వాటిని మార్చక్కర్లేదు. చివరగా పుస్తకం తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

బర్కత్‌పుర వాసి:
పక్కపక్కన పెట్టే చూశాను సార్. పుస్తకం చెరువులను ‘వరద ఉద్ధృతికి’ కారణమంది. మీరు ‘అంతమంది చనిపోవడానికి’ అన్నారు. రాత్రి పూట వచ్చిందనో, ఒడ్డునే ఇళ్లున్నాయనో చావులకు వేరే కారణాలు ఉండొచ్చు. పుస్తకం చెప్పని మాటకు మీ ఫుట్‌నోట్ పుస్తకాన్ని సాక్షిగా నిలబెడుతోంది.

పాత ప్రూఫ్ రీడర్:
పట్టుకున్నారు. వరస మార్చినప్పుడు కారణం ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి దూకేసింది. ‘వరద అంత ఉద్ధృతంగా రావడానికి వాన ఒక్కటే కారణం కాదు’ అని దిద్దుకుంటున్నాను. తెరిచి చూసుకోమని చెప్పి నేనే చూసుకోలేదు.

గచ్చిబౌలి గోపి:
సరే, ఒప్పుకున్నా. కానీ నాలుగు లైన్లకు ఇంత తతంగమా? అరవై పేజీల ప్రాజెక్టులో ఇలాంటి పేరాలు నలభై ఉంటాయి.

బర్కత్‌పుర వాసి:
నలభై ఉంటే అసలు సమస్య వేరే, గోపీ.

తెలుగు శాఖ రీసెర్చ్:
నా గోల ఒకటి. నా మూలాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, థీసిస్ తెలుగులో. వాక్యానికి వాక్యం తెలుగు చేసి ఫుట్‌నోట్ ఇస్తున్నాను. ఒక్క మాట కూడా కలవదు, అర్థం జారదు. మా గైడ్ సార్ ఓకే అన్నారు, సెమినార్‌లో మాత్రం ఒకాయన కాపీ అన్నారు.

పాత ప్రూఫ్ రీడర్:
నా లెక్కలో అది అనువాదం. ‘అనువాదం నాది’ అని ఫుట్‌నోట్‌లో రాసి, కొటేషన్‌గా ఇవ్వండి. భాష మారినా అల్లిక వాళ్లదే కదా.

బర్కత్‌పుర వాసి:
ఇక్కడ మీతో ఏకీభవించను సార్. ఇంగ్లిష్ వాక్యాన్ని సహజమైన తెలుగులోకి తెచ్చేసరికి క్రియ చివరికి పోతుంది, పొడవాటి వాక్యం రెండుగా విరుగుతుంది. అల్లిక సగం అక్కడే మారిపోతుంది. పేజీలకు పేజీలు చేస్తే అనువాదమే, ఒప్పుకుంటా. రెండు మూడు వాక్యాలకు కూడా కొటేషన్ గుర్తులు పెడితే తెలుగు థీసిస్ మొత్తం కొటేషన్లే అవుతుంది.

పాత ప్రూఫ్ రీడర్:
రెండు వాక్యాలకు సరే. ఏడో వాక్యం దగ్గర ఏమంటారు?

నారాయణగూడ పీజీ:
మీరు తేల్చుకునేలోపు నా పేరా తిరగరాశాను. ‘కూడా’ ఉంది, ‘అంచనా’ ఉంది, అంగళ్లు తీసేశాను. సోమవారం మేడమ్ దగ్గరికి తీసుకెళ్తున్నా.