పాలసీలో ‘మినహాయింపు’ ఎవరికి?

పాలపిట్ట: దుబాయిలో మా బావగారికి ఛాతీనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. ఇప్పుడు ప్రయాణ బీమా క్లెయిము కాగితాలను అక్కయ్య ఫొటో తీసి పంపితే తెలుగు చేస్తున్నాను. ‘ఎక్స్‌క్లూజన్స్’ అన్న శీర్షికకు ఫోను ‘మినహాయింపులు’ అని చూపింది. దాని కింద పాత జబ్బుల ప్రస్తావన చూసి, ‘బీపీకి మినహాయింపు ఇచ్చారట’ అని అక్కయ్య సంతోషపడింది. ఆ మాట ఉంచవచ్చా?

రాగిరేకు: వద్దు. పన్ను మినహాయింపు మనకు మేలు, ఇది కీడు. వేమన ‘ఉప్పు కర్పూరంబు’ అన్నది ఇందుకే. ‘బీమా వర్తించనివి’ అనండి.

కృష్ణాతీరం: ‘కప్పురంబు’ అండీ. ఆటవెలదిలో రెండో గణం సూర్యగణం కావాలి, ‘కర్పూ’ రెండూ గురువులే. మినహా అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన శిస్తు లెక్కల్లోకి వచ్చింది. తీసివేత అనే దాని అర్థం. మాటలో తప్పేమీ లేదు.

రాగిరేకు: గణానికి ఒప్పుకున్నాను. కానీ శిస్తు మినహా అయితే రైతు నవ్వుతాడు, జబ్బు మినహా అయితే రోగి ఏడుస్తాడు. ఎవరి లెక్కలోంచి తీసివేత అన్నదే అసలు ప్రశ్న.

చంద్రిక: మాకు సింగపూర్‌లో పెట్టె రాలేదు. విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు కాగితం తీసుకోబట్టి డబ్బు వచ్చింది. మీరూ తీసుకున్నారా?

పాలపిట్ట: మాది ఆసుపత్రి బిల్లండీ, 1,400 డాలర్లు. ‘డిడక్టిబుల్ 100 డాలర్లు’ అన్నచోట ఫోను ‘తగ్గింపు’ అంది.

వేపచెట్టు: నేను క్లెయిములు చూసే పనిలో ఉన్నాను. అది రాయితీ కాదు, మొదటి 100 మీరే భరించాలి. బిల్లంతా ఆమోదించినా చేతికి వచ్చేది 1,300.

కృష్ణాతీరం: బీపీ ఉన్నాక 1,300 మాత్రం ఎందుకిస్తారు? ముందే ఉన్న జబ్బు కదా.

వేపచెట్టు: అంత తేలికగా తేల్చలేం. ఛాతీనొప్పికి కారణం బీపీయేనా అన్నది డిశ్చార్జి కాగితం చూసి తేలుస్తారు. పైగా చాలా పాలసీల్లో ఆ వాక్యం వెనకే ‘ప్రాణాపాయ స్థితిలో చేసిన అత్యవసర చికిత్సకు తప్ప’ అని ఉంటుంది. పాలపిట్ట గారూ, మీ ఫొటోలో వాక్యం చివర చుక్క ఉందా?

పాలపిట్ట: లేదండీ. కామా ఉంది, ఆ కింద కాగితం మడత.

వేపచెట్టు: మడత విప్పించి మళ్లీ తీయించండి. ఇంకొకటి, ‘లక్షణాలు మొదట కనిపించిన తేదీ’ అన్న గడిలో ఏం రాశారు?

పాలపిట్ట: ఫోను ‘జబ్బు ఎప్పటినుంచి’ అంది. బావగారు బీపీ మొదలైన సంవత్సరం, 2016 వేశారు.

వేపచెట్టు: అక్కడ ఈ ఛాతీనొప్పి మొదలైన తేదీ రాయాలి. బీపీ సంగతి దాచకుండా పూర్వవ్యాధుల గడిలో రాయాలి. 2016 అలాగే ఉంటే ఛాతీనొప్పే పాతదని చదువుకుంటారు.

కృష్ణాతీరం: శీర్షిక తేలలేదు. ‘వర్జితాలు’ అందాం.

రాగిరేకు: పాలపిట్ట గారి అక్కయ్యకు అర్థమవుతుందా?