రంగు మారిన పెర్ఫ్యూమ్ పాడైనట్టేనా? ఫ్రిజ్‌లో పెట్టాలా?

సంపెంగ_రేకు
100 ఎంఎల్ బాటిల్‌లో మూడో వంతు మిగిలింది. డబ్బా పారేసి అద్దం ముందు, కిటికీ పక్కన పెట్టుకున్నాను. లేత పసుపుగా ఉండేది ఇప్పుడు ముదురు గోధుమ రంగుకొచ్చింది. స్ప్రే చేయగానే నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి ఘాటు కొడుతోంది. పారేయాలా, ఫ్రిజ్‌లో పెడితే ఆగుతుందా?

చల్లటి_రాజు
ఫ్రిజ్. ఇంకో మాట లేదు. పెర్ఫ్యూమ్‌ని చంపేది వేడి ఒక్కటే. నావన్నీ ఫ్రిజ్‌లోనే ఉంటాయి, కొన్నప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

తీరిక_మనిషి
సంపెంగ గారూ, పారేయకండి, ముందు వాసన సరిగ్గా చూడండి. చాలా రోజులు వాడని బాటిల్‌లో పంపు గొట్టంలో నిలిచిపోయిన కాస్త ద్రవం మిగతాదానికంటే ముందే చెడుతుంది, మొదటి ఒకటి రెండు స్ప్రేల్లో వచ్చేది అదే. వాటిని సింక్‌లోకి వదిలేసి, తర్వాతిది వాసనలేని తెల్ల కాగితం మీద కొట్టండి, చర్మం మీద వద్దు. ఆల్కహాల్ ఎగిరిపోయేదాకా ఒక నిమిషం ఆగి చూడండి, మళ్ళీ పది నిమిషాలకి, మళ్ళీ గంటకి. ఘాటు మొదట్లోనే ఉండి పది నిమిషాలకి మీకు తెలిసిన వాసన వచ్చేస్తే పోయింది పైపొర మాత్రమే, అంటే నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు. వాటిలో ఉండే లిమోనీన్ గాలితో కలిస్తే టర్పెంటైన్ వైపు తిరుగుతుంది. గంట తర్వాత కూడా పులిసినట్టో, కాలిన ప్లాస్టిక్‌లాగో ఉంటే మాత్రం అయిపోయినట్టే.

రంగు సంగతి వేరు. వెనిలా ఉన్న పెర్ఫ్యూమ్ ఏ లోపం లేకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుంది, వెనిలిన్ గుణమే అది. ఇంకోవైపు, రంగు కలిపిన గులాబీ, నీలం పెర్ఫ్యూమ్‌లు ఎండ తగిలితే వెలిసిపోతాయి, అప్పుడు కూడా వాసన బాగానే ఉండొచ్చు.

మోసపోయినోడు
రంగు వేరు సంగతి అంటే ఎలా సార్? నేను ఆన్‌లైన్‌లో కొన్న సీల్డ్ బాటిల్ ఫోటోలో చూపించినదానికంటే బాగా ముదురుగా వచ్చింది, వాపస్ చేస్తానంటే అమ్మినవాడు "రంగు మారడం మామూలే" అని తిప్పి పంపేశాడు, మీరూ అచ్చం వాడిలాగే మాట్లాడుతున్నారు.

తీరిక_మనిషి
మీ బాటిల్ నేను వాసన చూడలేదు కాబట్టి వాడు నిజం చెప్పాడో లేదో చెప్పలేను. రంగు ఒక్కటే సాక్ష్యం అయితే కేసు నిలవదు అంటున్నాను, అంతే. ద్రవం మబ్బు పట్టినట్టుందా, సీల్ తీయకముందే మట్టం తగ్గి ఉందా? మట్టం తగ్గిందంటే మూత దగ్గర కారుతోందని, లోపలికి గాలి వెళ్తోందని అర్థం.

మోసపోయినోడు
మట్టం సరిగ్గానే ఉంది. కానీ రంగు చూస్తేనే తెలుస్తుంది కదా.

గాజుగాజుల
డబ్బా పారేసినవాళ్ళకి డబ్బా విలువ తెలియదు 😒 వెలుతురు సమస్య అక్కడే తీరిపోయేది

చల్లటి_రాజు
ఇంత కథ ఎందుకు? స్ప్రే బాటిల్ ఫ్యాక్టరీలో నొక్కి సీల్ చేసింది, గాలి లోపలికి పోనే పోదు. ఇక మిగిలింది వేడి, వెలుతురు. ఫ్రిజ్‌లో రెండూ ఉండవు. అయిపోయింది.

తీరిక_మనిషి
రాజు గారూ, గాలి పోకపోతే ఆవిడ వాడేసిన దాదాపు 67 ఎంఎల్ జాగాలో ఇప్పుడు ఏముంది? మామూలు పంపు నొక్కిన ప్రతిసారీ బయటికెళ్ళిన ద్రవం జాగాలోకి అంత గాలి వస్తుంది, లేకపోతే కాసేపటికి పంపు పనిచేయడమే మానేస్తుంది. మూత తిప్పి ఒంపే బాటిళ్ళ కంటే నయమే, కాదనను. కానీ మూడో వంతు మిగిలిన బాటిల్‌కి లోపలున్న గాలే పెద్ద శత్రువు. చల్లదనం ఆ పనిని నెమ్మదిస్తుంది, ఆపదు.

చల్లటి_రాజు
వెర్సాయ్‌లో ఓస్మోటెక్ అని పెర్ఫ్యూమ్‌ల భాండాగారం ఉంది, 1990 నుంచి నడుస్తోంది, వాళ్ళు 12 డిగ్రీల దగ్గర దాస్తారు. వాళ్ళకంటే మీకు ఎక్కువ తెలుసా?

తీరిక_మనిషి
మంచి ఉదాహరణ తెచ్చారు, పూర్తిగా చెప్పండి మరి. వాళ్ళు చీకట్లో, సీసాలో ఖాళీ జాగాని ఆర్గాన్ వాయువుతో నింపి దాస్తారు. అంత చల్లదనం ఉండి కూడా గాలి తీసేయాల్సి వచ్చిందంటే ఏమనుకోవాలి? పైగా వాళ్ళ గదిలో ఉష్ణోగ్రత కదలదు. వంటింటి ఫ్రిజ్ తలుపు రోజంతా తెరుచుకుంటూనే ఉంటుంది, మీరు వాడడానికి బయటికి తీస్తారు, మళ్ళీ పెడతారు, ఈ ఎక్కీదిగే వేడి మంచిది కాదు. చల్లదనానికి మైనం లాంటి పదార్థాలు పేరుకుని కొన్ని మబ్బుగా కనిపిస్తాయి, అవి మళ్ళీ మామూలు వేడికి కరిగిపోతాయనుకోండి. విడిగా చిన్న ఫ్రిజ్ ఉంటే పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. లేకపోతే బాత్రూమ్‌కి, ఎండ పడే గోడకి దూరంగా బీరువా కింది అర చాలు.

చల్లటి_రాజు
నా బాటిళ్ళు పాడవలేదన్నాను కదా, అది మీకు కనపడదా?

తీరిక_మనిషి
అవి ఎంత నిండుగా ఉన్నాయి?

చల్లటి_రాజు
నిండుగానే. వాడను కదా.

గాజుగాజుల
😂😂

చల్లటి_రాజు
నవ్వండి. ఆ పెర్ఫ్యూమ్ తయారీ ఆపేశారు, అదే పేరుతో ఇప్పుడొచ్చేది వేరే ఫార్ములా. నాకు పాతదే కావాలి, మొదటి రోజు ఎలా ఉందో అలాగే. మీ లెక్కలో పది నిమిషాల తర్వాత బాగుంటే బాగున్నట్టు. నా లెక్కలో ఆ పది నిమిషాలే పెర్ఫ్యూమ్. పైపొర పోయిందంటే నాకు అది పాడైనట్టే.

తీరిక_మనిషి
ఇది ముందే చెప్పుంటే ఇంత రగడ ఉండేది కాదు. మీరు దాచుకునేవాళ్ళు, నేను వాడుకునేవాణ్ణి. వాసన మారితే పాడైంది అంటారు మీరు, వికారంగా మారితేనే పాడైంది అంటాను నేను. నిండు బాటిల్‌ని ఏళ్ళ తరబడి అలాగే ఉంచాలంటే స్థిరంగా ఉండే చల్లదనం మీకు సరైనదే. కానీ సంపెంగ గారిది సగం కూడా లేని బాటిల్, ఆవిడకి మీ సలహా ఒక్కటే సరిపోదు.

చల్లటి_రాజు
సరిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఉన్నదైనా నిలుస్తుంది.

సంపెంగ_రేకు
మీరిద్దరూ ఆగండి 🙏 కాగితం మీద చూశాను. మొదట ఘాటు, పావుగంటకి పాత వాసన వచ్చింది, గంటకి వెనిలా బాగానే ఉంది. ఇప్పుడు చిన్న సీసాలోకి మార్చుకోవచ్చా?

తీరిక_మనిషి
మార్చండి. మీకు దాదాపు 33 ఎంఎల్ ఉంది కదా, 30 ఎంఎల్ గాజు స్ప్రే సీసా ఒకటి తీసుకోండి. ప్లాస్టిక్ వద్దు, వాసన పీల్చుకుంటుంది. సీసా కడిగి పూర్తిగా ఆరనివ్వండి, తడి ఉంటే మబ్బు పడుతుంది. సీల్ బాటిల్ కాబట్టి మూత రాదు, పైన నొక్కే తలని మెల్లగా లాగేసి, పంపు కాడకి అమరే సన్నగొట్టం తగిలించి సీసా అడుగుకి ఆనించి నొక్కండి. సీసా నోట్లోకి గాల్లో స్ప్రే చేశారంటే ఆ తుంపరకే బోలెడు గాలి తగులుతుంది, చేసిన పనికి ఫలితం ఉండదు. మెడదాకా నింపండి, మిగిలిన కాస్తా ఈ వారంలో వాడేయండి. పోయిన పైపొర మాత్రం తిరిగి రాదు.

ఒక్క జాగ్రత్త. గాలితో కలిసి ఆక్సీకరణ చెందిన లిమోనీన్, పూల వాసనల్లో ఉండే లినలూల్ కొందరికి చర్మం మీద దురద, ఎర్రదనం తెస్తాయి. అలాంటిదేమైనా కనిపిస్తే ఒంటి మీద ఆపేసి బట్టల మీదే కొట్టుకోండి, లేత రంగు బట్టలైతే ఈ గోధుమ రంగు మరక పడుతుంది చూసుకోండి.

మోసపోయినోడు
నా బాటిల్ కూడా కాగితం మీద చూశాను. గంటకి బాగానే ఉంది. అయినా ఫోటోలో రంగు వేరు, వాడు వాపస్ తీసుకోవాల్సిందే.

చల్లటి_రాజు
ఫ్రిజ్‌లో పెట్టు బ్రో, ఇంకా ముదరకుండా ఉంటుంది.