ఐదు మిల్లీలీటర్ల లెక్క: ప్యాడిల్ పరీక్షలో బయటికి తీసిన మందును కలపాలా, వద్దా?

గుంటూరు_బీఫార్మసీ_3:
మాత్రలోని మందు ఎంత కరుగుతుందో చూడటానికి 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రను 900 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ 5.8) వేసి, 37 డిగ్రీల వద్ద, ప్యాడిల్‌ను నిమిషానికి 50 చుట్లు తిప్పాను. 5, 10, 15, 20, 30 నిమిషాలకు 5 మి.లీ. చొప్పున తీసి, ప్రతిసారీ అంతే బఫర్ తిరిగి పోశాను. చివరి విలువ ఒక లెక్కలో 84.24 శాతం, మరో లెక్కలో 85.38 శాతం వచ్చింది. రికార్డులో ఏది రాయాలి?

పటమట_క్యూసీ:
84.24 రాయండి. తీసినంత తిరిగి పోశారు కనుక వెసెల్‌లో 900 మి.లీ. ఎప్పుడూ తగ్గలేదు. గాఢతను 900తో గుణించి, 500తో భాగించి, శాతం చేస్తే పని పూర్తవుతుంది. పన్నెండేళ్లుగా విజయవాడలో ఇదే పని చేస్తున్నాను.

వన్‌టౌన్_మెడికల్స్:
మా దుకాణానికి వచ్చేవారు కూడా మాత్రను గ్లాసు నీళ్లలో వేసి, కరగలేదని ఫిర్యాదు చేస్తుంటారు. ఈ పరీక్షతో దానికి సమాధానం దొరుకుతుందా?

అరండల్‌పేట_మాస్టారు:
వన్‌టౌన్ గారూ, మాత్ర విడిపోవడం వేరు, అందులోని మందు ద్రవంలో కరగడం వేరు. మాత్ర క్షణాల్లో పొడిగా విడిపోయినా మందు నెమ్మదిగా కరగవచ్చు. ఇక్కడ కొలిచేది ఆ రెండవదాన్నే.

అమ్మా, అయిదు గాఢతలూ ఇక్కడ రాయి, లెక్క చూద్దాం. పటమట గారు పరిమాణం గురించి చెప్పింది నిజమే, కానీ అది సగం నిజం. మనం తిరిగి పోసింది ఖాళీ బఫర్. పిపెట్‌తో బయటికి వచ్చిన 5 మి.లీ.లో ఉన్న మందు మాత్ర నుంచి విడుదలైన మందే, అది వెసెల్‌లోకి తిరిగి వెళ్లలేదు.

గుంటూరు_బీఫార్మసీ_3:
మాస్టారూ, మి.లీ.కి మిల్లీగ్రాముల్లో వరుసగా 0.140, 0.250, 0.340, 0.410, 0.468. చివరి శాంపిల్‌లో 1 మి.లీ. తీసుకుని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో 50 మి.లీ.కి పలుచన చేస్తే, 257 నానోమీటర్ల వద్ద అబ్జార్బెన్స్ 0.669 వచ్చింది.

అరండల్‌పేట_మాస్టారు:
అలాగైతే 30వ నిమిషంలో వెసెల్‌లో ఉన్నది 421.2 మిల్లీగ్రాములు. అంతకుముందు నాలుగుసార్లు బయటికి పోయింది 5.7 మిల్లీగ్రాములు. మాత్ర విడుదల చేసింది ఈ రెండింటి మొత్తం.

```
(900*0.468 + 5*(0.140+0.250+0.340+0.410)) / 500 * 100 = 85.38
```

నల్లపాడు_ఎంఫార్మ్:
మా ఎక్సెల్ షీట్‌లో అయిదవ శాంపిల్‌నూ కలుపుతారు మాస్టారూ. దాని ప్రకారం 85.85 వస్తుంది.

అరండల్‌పేట_మాస్టారు:
ఆ షీట్ తప్పు, నాయనా. అయిదవ శాంపిల్ తీసే క్షణానికి ఆ మందు ఇంకా 900 మి.లీ.లోనే ఉంది, దాన్ని ఒకసారి లెక్కించేశాం. మళ్లీ కలిపితే ఒకే మందును రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. మొదటి శాంపిల్‌కు దిద్దుబాటు సున్నా కావాలి. మీ షీట్‌లో అలా లేకపోతే తప్పు అక్కడే కనిపిస్తుంది.

పటమట_క్యూసీ:
పాఠం బాగుంది మాస్టారూ, కానీ పనిలో ఎవరూ ఇలా చేయరు. ఒక శాంపిల్‌తో పోయేది 900లో 5 భాగాలు. దాని కోసం ఇంత చర్చ అవసరమా?

అరండల్‌పేట_మాస్టారు:
చిన్నదే కావచ్చు, కానీ ప్రతి శాంపిల్‌తోనూ పేరుకుంటుంది. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్లలో ఒకరు కలపమన్నారనీ, మరొకరు కలిపినందుకే మార్కులు కోశారనీ నా విద్యార్థులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. కారణం అడిగితే ఇద్దరూ మీలాగే "పనిలో ఇంతే" అన్నారు. ఆ మాట నాకు సమాధానంగా కనిపించదు.

పటమట_క్యూసీ:
అలాగైతే నా మాట కూడా పూర్తిగా వినండి. మా పద్ధతిలో క్యూ విలువ, అంటే 30 నిమిషాల్లో కరగాల్సిన మందు, 80 శాతం. మొదటి దశలో ఆరు మాత్రల్లో ప్రతిదీ 85 శాతానికి తగ్గకూడదు. మీ దిద్దుబాటు 84.24ను సరిగ్గా ఆ గీత దాటించింది. నా మొదటి ఉద్యోగంలో గీతకు కింద వచ్చిన ఒక బ్యాచ్‌కు, ఫలితం చూశాక, పద్ధతిలో లేని దిద్దుబాటు కలిపి మళ్లీ లెక్క వేయమన్నారు. వేశాను. తరువాత తనిఖీలో అది బయటపడినప్పుడు సంతకం నాది కాబట్టి తప్పూ నాదే అయింది. సూత్రం మీకు తెలుసని నాకూ తెలుసు. దాన్ని ఎప్పుడు ఎంచుకున్నారన్నదే నా ప్రశ్న.

అరండల్‌పేట_మాస్టారు:
నేను ఏ గీతనూ దృష్టిలో పెట్టుకోలేదు. నాలుగుసార్లు మందు తీశామన్న నిజాన్ని లెక్కలో చూపించాను, అంతే. 84.24 అని రాస్తే, ఆ మాత్ర విడుదల చేయలేదని మీరు చెబుతున్న 5.7 మిల్లీగ్రాములు ఆ నాలుగు టెస్ట్‌ట్యూబుల్లో ఉన్నాయి.

పటమట_క్యూసీ:
మందు పోయిందన్నది ఒప్పుకుంటున్నాను, మొదట నేను తొందరపడి రాశాను. కానీ పరిమితి పరీక్షకు 30వ నిమిషంలో ఒక్క శాంపిల్ చాలు, అప్పుడు ఈ తగాదాయే ఉండదు. మధ్యలో తీసిన నాలుగూ విడుదల రేఖ గీయడానికి తీసినవి. వాటికి దిద్దుబాటు వేయదలిస్తే పని మొదలుపెట్టకముందే పద్ధతిలో రాసుకోవాలి. రాయనప్పుడు 84.24తో రెండో దశకు వెళ్లి మరో ఆరు మాత్రలు పరీక్షించాలి. అక్కడ పన్నెండింటి సగటు 80కి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 65కు తగ్గకూడదు. మొదటి దశ దాటకపోతే బ్యాచ్ పోయినట్టేమీ కాదు.

కొరిటెపాడు_విశ్లేషణ:
మీరిద్దరూ అడగని ఒక మాట అడుగుతాను. అమ్మా, శాంపిళ్లను ఎప్పుడు ఫిల్టర్ చేశావు?

గుంటూరు_బీఫార్మసీ_3:
ఫిల్టర్ ఒక్కటే ఉంది మేడమ్. అయిదింటినీ టెస్ట్‌ట్యూబుల్లో వరుసగా పెట్టి, అన్నీ తీశాక ఒకేసారి ఫిల్టర్ చేశాను.

కొరిటెపాడు_విశ్లేషణ:
అయితే 84, 85 అనే తేడాకు ముందే ఇక్కడ సమస్య ఉంది. వడకట్టకుండా ఉంచిన టెస్ట్‌ట్యూబులో మాత్ర నుంచి విడిపోయిన సన్నని రేణువులు కరుగుతూనే ఉంటాయి. గడియారం 5 నిమిషాలంటున్నా ఆ ట్యూబులోని మందు 5వ నిమిషానిది కాదు. మొదటి శాంపిళ్లే ఎక్కువసేపు ఆగాయి కనుక రేఖ ఆరంభం అసలుకంటే నిటారుగా కనిపిస్తుంది.

దిద్దుబాటు మీద దాని ప్రభావం పెద్దది కాదు. మొదటి నాలుగు గాఢతల మొత్తం మూడో వంతు తప్పితే తప్ప 85.38 గీత కిందికి రాదు. కానీ అయిదవ విలువ 900తో గుణించబడుతుంది. అది మి.లీ.కి 0.0021 మిల్లీగ్రాములు తగ్గితే చాలు, 85.38 కాస్తా 85కు చేరుతుంది. ఈ పలుచనలో అది అబ్జార్బెన్స్‌లో 0.003 మాత్రమే. 0.669 బదులు 0.666 చూపించి ఉంటే మీ వాదన మొత్తం మారిపోయేది. ఆ శాంపిల్‌ను ఎంతసేపటికి వడకట్టావు?

గుంటూరు_బీఫార్మసీ_3:
ముందున్న నాలుగింటిని పూర్తి చేసి దాని వద్దకు వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ సమయం రాసుకోలేదు మేడమ్.

కొరిటెపాడు_విశ్లేషణ:
మళ్లీ చేయి. ప్రతి శాంపిల్‌కూ ఒక సిరంజి, ఒక ఫిల్టర్ పెట్టుకుని, తీసిన వెంటనే వడకట్టు. ద్రవం ఉపరితలానికీ ప్యాడిల్ పైఅంచుకూ నడుమ, గోడకు కనీసం ఒక సెంటీమీటరు దూరంలో తీయి. ఆరు వెసెళ్లున్నాయి కనుక మాత్రలన్నీ ఒకేసారి వేయకు, అర నిమిషానికొకటి వేయి. సమయంలో అనుమతించే తేడా రెండు శాతమే, అంటే 5వ నిమిషం శాంపిల్‌కు 6 సెకన్లు. ఒక్క మనిషి ఆరు వెసెళ్లలోనూ ఆ 6 సెకన్లలో తీయలేడు.

గుంటూరు_బీఫార్మసీ_3:
సోమవారం చేస్తాను మేడమ్. ఈసారి సూత్రాన్ని మొదటి పేజీలోనే రాసి, తరువాతే మాత్ర వేస్తాను.

అరండల్‌పేట_మాస్టారు:
సూత్రం రాయి, అందులో ఆ నాలుగు శాంపిళ్లు ఉండాలి. పటమట గారితో ఒక్క విషయంలో మాత్రం నేను ఏకీభవించను. పద్ధతిలో దిద్దుబాటు రాయకపోవడమే పొరపాటైతే, ఆ పొరపాటును ఫలితంలోకి మోసుకుపోవడం నాకు సరైనదిగా తోచదు.

పటమట_క్యూసీ:
పొరపాటైతే దాన్ని వేరే కాగితం మీద, తేదీ వేసి, కారణం చెప్పి దిద్దాలి మాస్టారూ. ఆ బ్యాచ్ ఫలితం మీద కాదు. దీనిలో నేను మారను.