శక్తి పిరమిడ్ లెక్క: గద్దకి 1 జౌలా, 10 జౌలా?

శ్రావణి: పాప వర్క్‌షీట్‌లో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద గొలుసు ఇచ్చి, గడ్డి మీద పడే సూర్యశక్తి 10,00,000 జౌళ్లు అయితే గద్దకి ఎంత చేరుతుందని అడిగారు. పాప ప్రతి మెట్టులో పదో వంతు తీసి 10 అని రాసింది, జవాబుల పేజీలో 1 ఉంది. ఎక్కడ తేడా వచ్చిందండీ?

కిరణ్77: పది శాతం సూత్రమే కదా, పాప రాసిందే కరెక్ట్. అచ్చుతప్పు అయ్యుంటుంది.

బయాలజీ_టీచర్: అచ్చుతప్పు కాదండీ. పది శాతం అనేది ఒక జీవి నుంచి దాన్ని తిన్న జీవికి వెళ్లేటప్పుడు వాడే లెక్క. ఎండకీ గడ్డికీ మధ్య అది వర్తించదు, మొక్క తనమీద పడిన వెలుగులో సుమారు 1 శాతాన్నే ఆహారంగా మారుస్తుందని బడి లెక్కల్లో తీసుకుంటాం. అంటే గడ్డిలో 10,000, మిడతకి 1,000, కప్పకి 100, పాముకి 10, గద్దకి 1. ప్రశ్నలో "గడ్డిలో ఉన్న శక్తి" అన్నాడా, "గడ్డి మీద పడే శక్తి" అన్నాడా అన్నది ముందు చూడమనండి. ఇంకోటి, ఆ 10 కూడా సగటు మాత్రమే, నిజంగా కొలిస్తే చోటుని బట్టి 5 నుంచి 20 దాకా కనిపిస్తుంది.

మనోజ్: మా వాడు బాణం గద్ద నుంచి పాము వైపు గీశాడు, తినేది గద్దే కదా అంటాడు. మార్కు పోయింది.

బయాలజీ_టీచర్: శక్తి ఎటు వెళ్తుందో బాణం అటే చూపాలి మనోజ్ గారూ, పాము నుంచి గద్దకి.

కిరణ్77: సరే, 1 శాతం సంగతి ఒప్పుకుంటా. కానీ పిరమిడ్ ఏదైనా కింద వెడల్పుగా ఉండాల్సిందే, తలకిందులు అన్న ఆప్షన్ కొట్టేయొచ్చు.

బయాలజీ_టీచర్: శక్తి పిరమిడ్‌కి మీ మాట నిజం, ఎందుకంటే తిన్నదాంట్లో చాలా భాగం శ్వాసక్రియలో వేడిగా పోతుంది, కొంత మలంలో వెళ్తుంది, పైకి వెళ్లేది ఎప్పుడూ తక్కువే. జీవద్రవ్యరాశికి అలా కాదు. సముద్రంలో ఒక్క క్షణంలో తూకం వేస్తే వృక్ష ప్లవకాలకన్నా వాటిని తినే జంతు ప్లవకాలే ఎక్కువ బరువు తూగొచ్చు. వృక్ష ప్లవకాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతూ, పుట్టినవి పుట్టినట్టే తినేయబడుతుంటాయి, అందుకే నిల్వ తక్కువ, ఉత్పత్తి ఎక్కువ. ఏడాది మొత్తం శక్తి కూడితే మళ్లీ కిందే వెడల్పు. సంఖ్యల పిరమిడ్ కూడా తలకిందులు కావచ్చు, ఒక్క చెట్టు మీద వందల పురుగులు బతుకుతాయి.

శ్రావణి: థాంక్సండీ, ఇప్పుడు అర్థమైంది. చివరి ప్రశ్న కూడా చూడండి: అడవి కాలిపోయాక మొదట వచ్చేవి ఏవి? పాప లైకెన్లు అని రాసింది.

మనోజ్: కరెక్టే కదా, మా వాడి పుస్తకంలోనూ లైకెన్లే ఉన్నాయి.

బయాలజీ_టీచర్: అది నున్నటి రాయికి, చల్లారిన లావాకి. అడవి కాలినా నేల మిగులుతుంది, అందులో విత్తనాలు, వేళ్లు ఉంటాయి, కాబట్టి గడ్డి, కలుపు మొక్కలు ముందు వస్తాయి. ఇది ద్వితీయ అనుక్రమం.

కిరణ్77: మంటతోపాటు మట్టి కూడా కొట్టుకుపోయి రాయి బయటపడితే?

బయాలజీ_టీచర్: అప్పుడు లైకెన్లు రాసినా తప్పనలేను. ప్రశ్నలో నేల మిగిలిందో లేదో చెప్పాల్సింది, చెప్పలేదు. దిద్దేవారు ఎలా తీసుకుంటారో మరి.

శ్రావణి: రేపు టీచర్‌ని అడగమంటాను.